ప్రెషర్ పరీక్ష పాసైందని రాశాం: క్లయింటుకు చెప్పాల్సిన చెడ్డ వార్త, పి.ఎం.పి. ప్రశ్నలు

ప్రశ్న: నేను తిరుపతిలో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో టీమ్ లీడ్‌గా పనిచేస్తున్నాను. ప్రాజెక్టు మేనేజర్లకు ధ్రువపత్రం ఇచ్చే పి.ఎం.పి. పరీక్షకు చదువుతున్నాను. నైతికత ప్రశ్నల్లోనే మార్కులు పోతున్నాయి. సంస్థలో ప్రాజెక్టుకు నిధులిచ్చే పైఅధికారి, అదే స్పాన్సర్, ఆలస్యం సంగతి క్లయింటుకు చెప్పవద్దంటే ఏం చేయాలని ఒక మాక్ పరీక్షలో అడిగారు. వెంటనే క్లయింటుకు చెప్పాలని పెట్టాను, తప్పన్నారు. ఇంకో మాక్‌లో అలాంటి ప్రశ్నకే ముందు విచారించాలని పెట్టాను, అదీ తప్పన్నారు. అసలు నియమం ఏమిటి సార్? నిజంగా ఆఫీసులో పైవాళ్లు అలా చెబితే ఏం చేయాలి?

జవాబు:

మీ రెండు జవాబులూ తప్పడానికి కారణం ఒక్కటే. రెండుసార్లూ మీరు నిజం చెప్పాలా వద్దా అన్న దాని గురించే ఆలోచించారు. క్లయింటుకు నిజం చెప్పాలన్నది ఆ పరీక్షలో ముందే తేలిపోయిన సంగతి. ప్రశ్న రాసినవారు చూసేది మీరు ఏ దశలో ఉన్నారో గుర్తించారా లేదా అని. విషయం మీకు ఇప్పుడే చెవిన పడిందా, లేక రుజువై చేతిలో ఉందా? స్పాన్సర్‌తో ఒకసారి మాట్లాడారా, ఇంకా మాట్లాడలేదా? క్లయింటుకు వెళ్లే నివేదిక రాబోయే వారం వెళ్తుందా, ఈ సాయంత్రమే వెళ్తుందా? ఈ మూడింటిని బట్టి సరైన అడుగు మారుతుంది. ఒక ప్రశ్నలో ఒప్పయిన జవాబు ఇంకో ప్రశ్నలో తప్పు కావడం అందువల్లే.

దీన్ని నేను పుస్తకంలో కన్నా ముందు ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నేర్చుకున్నాను. ఆ అనుభవం మొత్తం చెబుతాను, తర్వాత పరీక్ష ప్రశ్నకు వస్తాను. ఫ్యాక్టరీ పేరు, మా సంస్థ పేరు వద్దు.

చిత్తూరు దగ్గర గుజ్జు ఫ్యాక్టరీలో కొత్త లైను బిగించే పని మాది. పండు కడిగి, టెంక తీసి, గుజ్జు చేసి, దాన్ని స్టెరిలైజర్‌లో వేడిచేసి, చల్లార్చి, క్రిములు చేరకుండా సంచుల్లో నింపి డ్రమ్ముల్లో పెట్టే వ్యవస్థ. స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలు బిగించడం, అతకడం, పరీక్షించి అప్పగించడం మా బాధ్యత. గడువు మే 25. ఆ తేదీకి కారణం ఈ జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర లేదు. మనం బెంగళూరా అని పిలిచే తోతాపురి జూన్‌లో కోతకు వస్తుంది. దామలచెరువు, బంగారుపాళెం మండీల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. నిజం నిలకడ మీద తెలుస్తుందని మన పెద్దలు అంటారు. తోటలో ముదిరిన కాయకు మాత్రం నిలకడ ఉండదు. ఫ్యాక్టరీ సిద్ధంగా ఉన్నా లేకపోయినా అది తన సమయానికి పండుతుంది.

ఏప్రిల్ 11న మా నాణ్యత ఇంజినీరు గొట్టాల లోపలికి సన్నని కెమెరా పంపి అతుకులు చూశాడు. స్టెరిలైజర్ వైపు ఉన్న 62 అతుకుల్లో ఆ రోజు 12 చూస్తే 5 బాగా లేవు. బయటి నుంచి చూస్తే ఆ అతుకులు చక్కగా, మెరుస్తూ ఉన్నాయి. తెరమీద లోపలి భాగం చూస్తే నల్లగా, గరుకుగా, మాడిన బెల్లం పాకం పొక్కులు కట్టినట్టు ఉంది. వెల్డర్లు దీన్ని షుగరింగ్ అంటారు. అతికేటప్పుడు గొట్టం లోపలి గాలిని ఆర్గాన్ వాయువుతో పూర్తిగా బయటికి తోసేయాలి. లోపల గాలి మిగిలితే ఎర్రగా కాలిన స్టీలు ఆక్సిజన్‌తో కలిసి ఇలా పెళుసుబారుతుంది. రాత్రి షిఫ్టులో వాళ్లు ఆర్గాన్ తెరిచిన వెంటనే, గాలి పోయేదాకా ఆగకుండా అతకడం మొదలుపెట్టారని తర్వాత తేలింది.

దీనిలో మెలిక ఏమిటంటే, ఇలాంటి అతుకు ప్రెషర్ పరీక్షలో చాలాసార్లు నెగ్గుతుంది. గొట్టంలో నీళ్లు నింపి ఒత్తిడి పెంచితే చుక్క కూడా కారదు. కానీ గుజ్జు ఆ గరుకు సందుల్లో ఇరుక్కుంటుంది, కడిగే ద్రావణం అక్కడికి సరిగ్గా చేరదు, క్రిములు నిలబడతాయి. కొన్ని వారాల తర్వాత గిడ్డంగిలో సంచులు ఉబ్బితే గానీ సంగతి బయటపడదు. అప్పటికి సరుకు అమ్ముడుపోయి ఉండవచ్చు కూడా.

ఆ సాయంత్రమే నేను మా డైరెక్టరుకు ఫోను చేశాను. ఆయన మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. "ఇప్పుడు చెబితే ఫ్యాక్టరీ యజమాని కంగారుపడి మన మూడో బిల్లు ఆపేస్తారు. రాత్రీ పగలూ పనిచేయించి మనమే సరిచేద్దాం, అయ్యాక చెబుదాం. మిమ్మల్ని అబద్ధం రాయమనడం లేదు. ఉన్నదే రాయండి. ప్రెషర్ పరీక్ష పాసైంది కదా, అదే రాయండి" అన్నారు.

ఏప్రిల్ 13న వారపు నివేదికలో అలాగే రాశాను. "గొట్టాల పని పూర్తి. ప్రెషర్ పరీక్ష పాసైంది. మే 25 గడువుకు మార్పు లేదు." మొదటి రెండు వాక్యాల్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మూడోదాన్ని కూడా నేను నమ్మాలనుకున్నాను, నమ్మాననే చెప్పుకున్నాను. అయితే ఆ మూడు వాక్యాలూ కలిసి చదివినవారికి ఇచ్చే అర్థం తప్పు. ఆ సంగతి రాస్తున్నప్పుడే నాకు తెలుసు.

తర్వాతి పది రోజుల్లో మిగిలిన అతుకులన్నీ చూశాం. మొత్తం 62లో 27 పాడయ్యాయి. ఒక్కో అతుకును కోసి, అంచులు సరిచేసి, ఆర్గాన్ నింపి, మళ్లీ అతికి, కెమెరాతో చూడాలి. అన్నీ అయ్యాక మళ్లీ ప్రెషర్ పరీక్ష, ఆ పైన ఆమ్లంతో లోపలి భాగం శుభ్రం చేయడం. ఆ స్థాయి పని చేయగల వెల్డర్లు మా దగ్గర ఇద్దరే. ఎంత లెక్క వేసినా జూన్ 9 కంటే ముందు అయ్యేలా లేదు. ఏప్రిల్ 23న, ఈసారి డైరెక్టరును ఒప్పించి, ఫోటోలు తీసుకుని ఫ్యాక్టరీ యజమాని దగ్గరికి వెళ్లాం.

ఆయన అరవలేదు. ఫోటోలు ఒక్కొక్కటి చూశారు. చివరికి ఒక్కటే అడిగారు: "ఇది మీకు ఎప్పుడు తెలిసింది?"

ఏప్రిల్ 11 అని చెప్పాను. ఆయన టేబుల్ మీద ఉన్న డైరీ తెరిచి నాకు చూపించారు. "పక్క ఫ్యాక్టరీలో జూన్ మొదటి పదిహేను రోజులు ఒక లైను ఖాళీగా ఉంది. కావాలా అని పదహారో తేదీన నన్ను అడిగారు. మా లైను మే చివరికే వస్తుందని, వద్దన్నాను. పద్దెనిమిదిన వేరేవాళ్లు తీసుకున్నారు" అన్నారు. అతుకుల గురించి గానీ, రాత్రి షిఫ్టు గురించి గానీ ఒక్క మాట అనలేదు. రైతులకు ఇచ్చిన మాట ఎలా నిలబెట్టుకోవాలా అని ఆ గదిలోనే ఫోన్లు చేయడం మొదలుపెట్టారు.

పి.ఎం.పి. పరీక్షకు కావాల్సింది ఆ డైరీ పేజీలో ఉంది. తప్పు అతుకులు మా సమస్య, మా ఖర్చు. పక్క ఫ్యాక్టరీ లైను తీసుకోవాలా వద్దా అన్నది ఆయన నిర్ణయం. మా నివేదిక వల్ల ఆయన చేతిలోంచి ఆ నిర్ణయం జారిపోయింది. చెడ్డ వార్త దాచడంలో తప్పు ఎక్కడుందని మీకు ఎప్పుడైనా సందేహం వస్తే ఈ ప్రశ్న వేసుకోండి: ఇది తెలిసి ఉంటే క్లయింటు ఈ వారం వేరేలా ఏదైనా చేసేవారా? చేసేవారైతే మీరు ఆగుతున్న ప్రతి రోజూ ఆయన ఖాతాలో ఖర్చే.

ఇప్పుడు నియమావళి. పి.ఎం.పి. పరీక్ష పెట్టే పి.ఎం.ఐ. సంస్థ తన నైతిక, వృత్తి ప్రవర్తనా నియమావళిని బాధ్యత, గౌరవం, నిష్పాక్షికత, నిజాయతీ అనే నాలుగు విలువల మీద కట్టారు. ఒక్కో విలువ కింద రెండు రకాల ప్రమాణాలు ఉంటాయి. కొన్ని మన నుంచి ఆశించేవి, కొన్ని తప్పనిసరివి. నిజాయతీ కింద సరైన సమాచారం సకాలంలో ఇవ్వాలన్నది ఆశించే ప్రమాణాల్లో ఉంది. తప్పనిసరి వాటిలో ఉన్నది మోసం గురించి. ఎదుటివారిని మోసగించడానికి ఉద్దేశించిన ప్రవర్తనకు దిగకూడదు, దాన్ని ఆమోదించకూడదు అంటుంది. తర్వాత ఏవేవి ఆ కిందికి వస్తాయో కూడా చెబుతుంది: తప్పుడు మాటలు, అర్ధసత్యాలు, సందర్భం నుంచి తుంచి చెప్పిన సమాచారం, తెలిసి ఉంటే మన మాట అసంపూర్ణమని బయటపెట్టే సమాచారాన్ని దాచడం.

నా ఏప్రిల్ 13 నివేదికను ఈ జాబితా పక్కన పెట్టి చూడండి. "ప్రెషర్ పరీక్ష పాసైంది" అనేది అచ్చంగా అర్ధసత్యం. కెమెరా ఫలితం దాచడం చివరి రకం. బిల్లు ఆగకూడదని చేశాం కాబట్టి, సొంత లాభం కోసం గానీ ఇతరులకు నష్టం కలిగేలా గానీ నిజాయతీ తప్పకూడదన్న ఇంకో తప్పనిసరి ప్రమాణం కూడా తగులుతుంది. "ఆమోదించకూడదు" అన్న మాట కూడా గమనించండి. నివేదిక రాసింది వేరేవారైనా, అది తప్పుదోవ పట్టిస్తుందని తెలిసి మీరు ఊరుకుంటే ఆ మాట మీకూ వర్తిస్తుంది. పరీక్షలో "స్పాన్సర్‌నే క్లయింటుతో మాట్లాడమనండి, మీరు మౌనంగా ఉండండి" అనే ఆప్షను కనిపిస్తే అది తప్పు కావడానికి కారణం ఇదే.

ఇక ప్రశ్నను విప్పి చూద్దాం. మీ రంగానికి దగ్గరగా ఉండేలా నేనే ఒకటి తయారుచేశాను. ఒక సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో పాత డేటాను కొత్త వ్యవస్థకు మార్చే పని మూడు వారాలు ఆలస్యం కావచ్చని ఒక ఇంజినీరు మీకు చెప్పాడు. రేపు క్లయింటుతో సమీక్ష ఉంది. ఆ సంగతి ఎత్తవద్దని స్పాన్సర్ అన్నారు. మీరు ముందుగా ఏం చేయాలి? ఒక ఆప్షను స్పాన్సర్ మాట పాటించమంటుంది. రెండోది క్లయింటుకు వెంటనే ఫోను చేసి ఆలస్యం సంగతీ, స్పాన్సర్ చెప్పిన సంగతీ చెప్పమంటుంది. మూడోది బృందంతో ఆలస్యం ఎంతో, దాని ప్రభావం ఏమిటో తేల్చుకుని, ఆ వివరాలతో స్పాన్సర్‌ను కలిసి సమీక్షలో సరైన స్థితే చెప్పాల్సి ఉంటుందని వివరించమంటుంది. నాలుగోది స్పాన్సర్ మీద పి.ఎం.ఐ.కి ఫిర్యాదు చేయమంటుంది.

మొదటిది తీసేయడం సులభం. నాలుగోది కూడా అంతే. ఆ నియమావళి పి.ఎం.ఐ. సభ్యులకు, దాని ధ్రువపత్రం ఉన్నవారికి, దానికి దరఖాస్తు చేసినవారికి, సంస్థ తరఫున స్వచ్ఛందంగా పనిచేసేవారికి వర్తిస్తుంది. మీ స్పాన్సర్ వారిలో ఉన్నారో లేదో ప్రశ్నలో చెప్పరు. పైగా ఫిర్యాదుకు రుజువులు ఉండాలని నియమావళే అంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ ఫిర్యాదు వల్ల రేపటి సమీక్షలో క్లయింటుకు ఒక్క ముక్క కూడా తెలియదు.

మిగిలినవి రెండోది, మూడోది. మీరు మొదటి మాక్‌లో రెండోదాని లాంటిది పెట్టి ఉంటారు. మనసు మంచిదే, కానీ ఆ ప్రశ్నలో ఉన్న క్రియ చూడండి: ఆలస్యం "కావచ్చని" ఒకరు చెప్పారు. అది ఇంకా ఒక మనిషి అంచనా. రేపు మూడు వారాలని చెప్పి, ఎల్లుండి అది ఐదు రోజులేనని తేలితే క్లయింటు ఆ మధ్యలో ఏ ఒప్పందమో రద్దు చేసుకుని ఉండవచ్చు. తప్పుడు చెడ్డ వార్త కూడా తప్పుడు సమాచారమే. సత్యాన్ని తెలుసుకోవడానికి మనస్ఫూర్తిగా ప్రయత్నించాలన్నది కూడా అదే నిజాయతీ విభాగంలో ఉంది. ఇంకో సంగతి, స్పాన్సర్ "వద్దు" అన్నది పూర్తి వివరాలు తెలియక అన్న మాట కావచ్చు. ఆయనకు వాస్తవం చూపించి మనసు మార్చుకునే అవకాశం ఇవ్వకుండా ఆయన వెనక క్లయింటుకు చెప్పడం సరికాదు. కాబట్టి మూడోది.

ఇప్పుడు ప్రశ్నలో ఒక్క వాక్యం మారుద్దాం. "మీరు బృందంతో విశ్లేషించి మూడు వారాల ఆలస్యం తప్పదని నిర్ధారించుకున్నారు. స్పాన్సర్‌కు వివరించినా సమీక్షలో ప్రాజెక్టు అంతా సవ్యమని సూచించే పచ్చ రంగులోనే ఉందని చూపించమన్నారు." ఇప్పుడు "మరింత విచారించండి" అనే ఆప్షను తప్పు. విచారణ అయిపోయింది. తేలిన విషయాన్ని మళ్లీ తేల్చడం ఆలస్యం చేయడానికి ఇంకో పేరు, ప్రశ్న రాసేవారు దాన్ని ఉచ్చుగా పెడతారు. మీ రెండో మాక్‌లో జరిగింది ఇదేనని నా నమ్మకం. ఆ ప్రశ్న ఇంకోసారి తీసి చదవండి, అందులో "నిర్ధారించారు", "రుజువైంది", "లెక్క చూపిస్తోంది" లాంటి మాట ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఇక్కడ సరైన జవాబు సమీక్షలో ఉన్న స్థితిని ఉన్నట్టు చెప్పడం, దానితో పాటు కోలుకునే మార్గాలు ముందుంచడం. అలాంటి ఆప్షను లేకుండా, సంస్థలో స్పాన్సర్ పైన ఉన్న తగిన అధికారికి విషయం చేర్చమనే ఆప్షను ఉంటే అది తీసుకోండి. అనైతిక ప్రవర్తనను తగిన యాజమాన్యానికి, అవసరమైతే దానివల్ల నష్టపోయేవారికి కూడా తెలియజేయాలని బాధ్యత విభాగంలోని తప్పనిసరి ప్రమాణం చెబుతుంది. ఆ "అవసరమైతే" ఎక్కడ ఉందో చూడండి. ముందు లోపల, తర్వాత బయట. ఈ వరుస తెలిస్తే సగం ప్రశ్నలు వాటంతట అవే విడిపోతాయి.

మూడో రకం ప్రశ్న కూడా వస్తుంది, చాలామంది దీనిలోనే తడబడతారు. ప్రాజెక్టు మధ్యలో మీరు కొత్త మేనేజరుగా చేరారు. పాత మేనేజరు పంపిన నివేదికలు తప్పని మీకు కనబడింది. క్లయింటు వాటినే నమ్ముతున్నారు. ఇక్కడ "ఇకనుంచి సరైన నివేదికలు పంపుతాను" అన్న ఆప్షను చాలా మర్యాదగా, ఆకర్షణీయంగా కనిపిస్తుంది. అది చాలదు. పాత తప్పు క్లయింటు చేతిలోనే ఉంది, దాని ఆధారంగా ఆయన నిర్ణయాలు తీసుకుంటున్నారు. ఇతరుల పొరపాట్లు కనిపించిన వెంటనే తగినవారికి తెలియజేయాలన్నది బాధ్యత విభాగంలో ఉంది. కాబట్టి తేడాను రుజువులతో ఖాయం చేసుకుని, స్పాన్సర్‌కు చెప్పి, పాత నివేదికను సవరించి పంపే అడుగు ఉన్న ఆప్షనే సరైనది. పాత మేనేజరును నిందించే ఆప్షను అక్కర్లేదు.

2021 జనవరిలో మొదలైన పరీక్ష రూపంలో 180 ప్రశ్నలకు 230 నిమిషాలు, అంటే ఒక్కో ప్రశ్నకు సుమారు 77 సెకన్లు. నైతికతకు విడిగా విభాగం ఉండదు, ఇవన్నీ మామూలు ప్రశ్నల మధ్యలోనే దొరుకుతాయి. అందుకే ఆప్షన్ల జోలికి వెళ్లే ముందు ప్రశ్నలో ఆ మూడు సంగతుల కోసం వెతకండి: విషయం తేలిందా, స్పాన్సర్‌కు వాస్తవం తెలుసా, క్లయింటుకు మాట ఎప్పుడు చేరబోతోంది. ఒక మాట, మాక్ పరీక్షలు తయారుచేసేది వేర్వేరు సంస్థలు. వాటి జవాబు పట్టికల్లో కూడా తప్పులుంటాయి. వివరణ చదివాక కూడా అర్థం కాకపోతే ఆ ఒక్క ప్రశ్నను వదిలేయండి, దానికోసం మీ ఆలోచనా విధానం మార్చుకోవద్దు.

ఇంకో చోట విద్యార్థులు అటు చివరికి వెళ్లిపోతారు. నిజాయతీ అంటే అన్నీ చెప్పేయడమే అనుకుంటారు. ఆ గుజ్జు లైను ఒప్పందం స్థిర ధరకు కుదిరింది. 27 అతుకులు తిరిగి చేయడానికి మాకు ఎంత ఖర్చయింది, మా లాభం ఎంత తగ్గింది అన్నది యజమానికి చెప్పాల్సిన పని లేదు. ఆయన కట్టే ధర మారదు, ఆయన నిర్ణయం ఏదీ దానిమీద ఆధారపడదు. అది మా సంస్థ అంతర్గత సమాచారం, దాన్ని కాపాడటం కూడా నియమావళి అడిగేదే. అదే పని వాస్తవ ఖర్చుకు కొంత కలిపి చెల్లించే ఒప్పందంలో జరిగి ఉంటే, ఖర్చు ఆయనదే అవుతుంది కాబట్టి చెప్పి తీరాలి. రాత్రి షిఫ్టు వెల్డరు పేరు కూడా ఆయనకు అవసరం లేదు. లోపం ఏమిటి, ఎన్ని చోట్ల ఉంది, గడువు ఎంత జరుగుతుంది, ఆయన ముందున్న దారులేమిటి, ఏ తేదీలోగా నిర్ణయించుకోవాలి అన్నవి మాత్రం ఆయనవి. పరీక్షలో ఒప్పందం రకం ప్రస్తావించారంటే ఊరికే ప్రస్తావించరు.

ఇక మీ చివరి ప్రశ్న, నిజంగా ఆఫీసులో ఏం చేయాలన్నది. పరీక్షలో స్పాన్సర్‌ను కలిసి వివరించడం ఒక్క వాక్యంలో అయిపోతుంది. మన దగ్గర అది ఫోనులో, పెద్దాయన చెప్పే మాటకు మధ్యలో అడ్డు రాకూడదన్న సంకోచంతో జరుగుతుంది. నేను ఏప్రిల్ 11న చేసిన అసలు తప్పు అక్కడే ఉంది. డైరెక్టరు మాట విని "సరే సార్" అన్నాను. ఆ మాట అన్నాక 13వ తేదీన వేరేలా రాసే దారి నాకు లేకుండా పోయింది. పైగా ఆయనకు నేను చెప్పింది లోపం గురించి మాత్రమే. ఈ పదిహేను రోజుల్లో యజమాని ఏయే నిర్ణయాలు తీసుకోబోతున్నారో చెప్పలేదు, ఎందుకంటే నాకు తెలియదు, అడగలేదు. ఆయన భయం మూడో బిల్లు మీద. నేను పక్క ఫ్యాక్టరీ లైను సంగతి తెలుసుకుని చెప్పి ఉంటే, తర్వాత వచ్చే నష్టపరిహారం గొడవ ఆ బిల్లు కన్నా పెద్దదని ఆయనకు తోచేది. బిల్లు గురించి భయపడే మనిషికి బిల్లు భాషలోనే చెప్పాలి. అందులో నిజాయతీకి వచ్చే లోటు లేదు.

ఆ తర్వాత నుంచి నేను పాటించే పద్ధతి ఒకటుంది. అలాంటి ఫోను వస్తే వాదించను, ఒప్పుకోను. "సార్, వివరాలు రాసి పంపుతాను, చూసి చెప్పండి" అంటాను. అరగంటలో ఒక చిన్న మెయిల్ వెళ్తుంది. మొన్నామధ్య రేణిగుంట వైపు ఒక పనిలో పంపినది పేర్లు తీసేసి ఇక్కడ పెడుతున్నాను:

"సార్, ఈ ఉదయం మనం మాట్లాడిన విషయం. ప్యానెల్ బోర్డులు 4లో 2 పరీక్షలో ఆగాయి, నివేదిక జతచేశాను. మార్చడానికి 11 రోజులు పడుతుంది. క్లయింటు వచ్చే సోమవారం తమ సిబ్బంది శిక్షణ తేదీలు ఖరారు చేస్తున్నారు, ఆలస్యం తెలియకపోతే ఆ ఖర్చు మన మీదికి వస్తుంది. శుక్రవారం నివేదికలో ఈ స్థితి, రెండు ప్రత్యామ్నాయాలు రాయాలని నా ప్రతిపాదన. మాటలు మీరు చూసి మార్చండి, విషయం మాత్రం ఉండాలి. శుక్రవారం మధ్యాహ్నం లోగా మీ అభిప్రాయం చెప్పగలరు."

ఇందులో బెదిరింపు లేదు, నియమావళి పేరు కూడా ఎత్తలేదు. కానీ విషయం ఇప్పుడు రాతలో ఉంది. ఫోనులో "దాచేయండి" అనడం తేలిక, ఇలాంటి మెయిల్‌కు కింద "దాచేయండి" అని రాయడం తేలిక కాదు. చాలామంది రాయరు. మీ పేరు మీద వెళ్లే నివేదిక అయితే, జవాబు రాకపోయినా శుక్రవారం సరైన స్థితితోనే పంపండి. ఒకవేళ ఎవరైనా రాతపూర్వకంగానే దాచమంటే, ఆ మెయిల్‌తో సహా సంస్థలో ఆయన పైవారి దగ్గరికో, నైతిక వ్యవహారాలు చూసే విభాగానికో వెళ్లండి. మీ ఆఫీసులో అలాంటి విభాగం ఎవరిదో, వారి మెయిల్ ఏమిటో అవసరం రాకముందే తెలుసుకుని పెట్టుకోండి.

దీనివల్ల ఉద్యోగానికి ఇబ్బంది రాదని నేను మీకు హామీ ఇవ్వలేను. నాకు ఒకసారి వచ్చింది, ఆ ఏడాది పదోన్నతి ఆగింది. రేణిగుంట మెయిల్‌కు మాత్రం గంటలోపే జవాబు వచ్చింది. రెండో ప్రత్యామ్నాయంలో ఒక తేదీ సరిచేసి, "పంపండి" అని రాశారు.

మీ రెండు మాక్ ప్రశ్నల పూర్తి పాఠం దొరికితే ఈ కింద పెట్టండి. ముఖ్యంగా రెండోది. అందులో "నిర్ధారించారు" అన్న మాట ఉందో లేదో చూడాలని ఉంది.